మీటింగులో నోరు విప్పడు, రాత్రికి పదకొండు పాయింట్ల మెయిల్ పంపిస్తాడు. ఏం చెయ్యాలి?

గాజువాక_గళం
రుషికొండ ఆఫీసు. ఒక కంటెయినర్ యార్డుకి లారీల గేటు పాసు, స్లాటు బుకింగ్ యాప్ చేస్తున్నాం. మొత్తం ఐదుగురం. క్లయింటుతో మాట్లాడేది, ఏ స్క్రీను ఎలా ఉండాలో తేల్చేది నేను. సర్వరు పనంతా ఇంకొకతనిది. పేరెందుకు గానీ, మౌని అనుకుందాం. డెమోకి ఇంకా మూడు వారాలుంది.

సోమవారం ముప్పావుగంట మీటింగ్ పెట్టా. గేటు దగ్గర వాచ్‌మన్ లారీ నంబరు టైపు చేసే బదులు ఫాస్టాగ్ రీడరు పెట్టేద్దాం అన్నా. "అందరికీ ఓకేనా?" అని అడిగా కూడా. ఎవరూ కాదనలేదు. మంగళవారం క్లయింటుకీ చెప్పేశా, వాళ్లూ ఖుషీ. బుధవారం రాత్రి 9:40కి మౌని నుంచి మెయిల్. ఫాస్టాగ్ ఎందుకు కుదరదో పదకొండు పాయింట్లు. పైగా మేనేజర్ కాపీలో.

ఇంకోటి వినండి. అదే మీటింగులో "స్లాటు అరగంట కాకుండా పావుగంట చేస్తే ఎలా ఉంటుందో" అని ఊరికే అన్నా. దానికి మూడు రోజులు కూర్చుని డేటాబేసులో టేబుళ్లు మార్చేశాడు. నేనెప్పుడు చెయ్యమన్నా?

వద్దనుకున్నది చెప్పడు, చెప్పనిది చేస్తాడు. ఇది మొండితనమా, నన్ను ఇరికించడమా? ఇలాంటివాళ్లతో పని ఎలా చేయించుకోవాలి?

మద్దిలపాలెం_మెస్
మేనేజర్ కాపీలో పెట్టాడా? అయితే అయిపోయింది బాబాయ్. అది మెయిల్ కాదు, శంఖం.

అర్ధరాత్రి_కమిట్
ఆ పదకొండు పాయింట్లలో నిజమైనవి ఎన్నో మీరు రాయలేదు.

గాజువాక_గళం
ఏడు నిజమే. అద్దం పగిలి మారిస్తే ట్యాగు కూడా మారిపోతుంది, పాత బుకింగుతో కలవదు. గేటు దగ్గర రెండు లారీలు ఆనుకుని నిలబడితే రీడరు పక్కదాని ట్యాగు కూడా పట్టేస్తుంది. ఇలాంటివి. అదే కదా నా మంట. సోమవారమే చెప్పి ఉంటే మంగళవారం నేను క్లయింటు దగ్గర నోరు జారేవాణ్ని కాదు.

హెచ్‌ఆర్_హరిత
ఇది చాలా మామూలు సమస్య. ఇంట్రోవర్టులకి నలుగురిలో మాట్లాడాలంటే భయం. ముందు టీమంతటికీ నాలుగక్షరాల పర్సనాలిటీ టెస్టు పెట్టించండి. ఎవరు ఏ రకమో తేలిపోతుంది. ఇంట్రోవర్టు అని వచ్చినవాళ్లకి రెండు రోజుల మాట్లాడే శిక్షణ. అలాగే వారానికోసారి బ్రెయిన్‌స్టార్మింగ్ పెట్టండి, అందరూ కలిసి గట్టిగా మాట్లాడుకుంటేనే ఐడియాలు పుడతాయి, మొహమాటం కూడా పోతుంది.

అర్ధరాత్రి_కమిట్
భయం ఉన్నవాడు మేనేజర్ని కాపీలో పెట్టి పదకొండు పాయింట్లు రాస్తాడా మేడమ్?

సీతమ్మధార_శ్రీదేవి
హరితగారూ, సగం దాకా మీతో ఉన్నాను. టీములో ఎవరెలా పనిచేస్తారో బయటికి మాట్లాడుకోవడం మంచిదే. కానీ భయం వేరు, అంతర్ముఖత్వం వేరు. భయపడేవాడికి మాట్లాడాలనే ఉంటుంది, ఎవరేమనుకుంటారోనని ఆగిపోతాడు. అంతర్ముఖుడికి ఆ గదిలో ఆ నిమిషాన మాట్లాడాల్సిన అవసరమే కనపడదు. వెళ్లి ఆలోచించుకుని చెప్తాడు. ఇతనికి ఉపన్యాస శిక్షణ ఇస్తే ఉపన్యాసం బాగా ఇస్తాడు, మీటింగులో మళ్లీ మౌనమే.

రెండోది, మనుషులు రెండు రకాలుగా చీలిపోయి ఉండరు. ఎక్కువమంది మధ్యలోనే ఎక్కడో ఉంటారు. ఆ నాలుగక్షరాల టెస్టు కొన్ని వారాలాగి మళ్లీ రాయిస్తే చాలామందికి అక్షరం మారిపోతుంది, కారణం అదే. సరిగ్గా గీత మీద ఉన్నవాణ్ని అటో ఇటో తోసి పేరు పెడుతుంది.

ఇక బ్రెయిన్‌స్టార్మింగ్. 1958లో యేల్ యూనివర్సిటీలో దీన్నే పరీక్షించారు. నలుగురిని కలిపి కూర్చోబెట్టారు, ఇంకో నలుగురిని విడివిడిగా కూర్చోబెట్టి తర్వాత వాళ్లవి కలిపారు. విడిగా కూర్చున్నవాళ్ల దగ్గరే ఐడియాలు ఎక్కువొచ్చాయి. ఎందుకలా అని తర్వాత చాలామంది తవ్వారు. 1987లో డీల్, స్ట్రోబ్ అనే ఇద్దరు తేల్చిన ముఖ్య కారణం సిగ్గు కాదు, బద్ధకమూ కాదు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వంతు కోసం ఆగాలి. ఆగేలోపు తమ ఆలోచన మర్చిపోతారు, లేదా కొత్తది ఆలోచించడం మానేస్తారు. ఇది అందరికీ జరుగుతుంది, వాగుడుకాయలతో సహా.

మద్దిలపాలెం_మెస్
టెస్టు కావాలంటే నిమ్మకాయ టెస్టు ఉందిగా. నాలుక మీద నిమ్మరసం చుక్కలు వేస్తే ఇంట్రోవర్టుకి నోట్లో నీళ్లు ఎక్కువ ఊరతాయట. ఐసెంక్ అని ఒకాయన అరవైల్లో చేశాడు. మా మెస్సులో గురువారం పులిహోర. టీముని తీసుకురండి, తేల్చేస్తా.

సీతమ్మధార_శ్రీదేవి
నిజంగానే చేశారు, జోకు కాదు. అయితే పులిహోర వాసనకి ఇద్దరికీ ఒకేలా ఊరతాయి.

సీతమ్మధార_శ్రీదేవి
గళంగారూ, అసలు విషయానికొస్తా. మీరు రాసిన రెండు సంఘటనల్నీ పక్కపక్కన పెట్టి చదవండి. ఫాస్టాగ్ పెట్టేద్దాం అన్నది మీ దృష్టిలో నిర్ణయం. పావుగంట స్లాటు ఊరికే అన్న మాట. ఆ తేడా మీ బుర్రలో ఉంది, గదిలో ఎవరికీ వినపడలేదు. రెండూ అదే గొంతుతో, అదే హుషారుతో అన్నారు. మాట్లాడుతూ ఆలోచించేవాళ్లకి ఇది సహజం. నోరాడితేగానీ వాళ్లకి ఆలోచన ఒక రూపానికి రాదు. పది మాటలంటే ఎనిమిది వాళ్లే సాయంత్రానికి మర్చిపోతారు. ఆలోచించి మాట్లాడేవాళ్లు ఆ వడపోతంతా లోపలే చేసుకుంటారు. వాళ్ల నోటినుంచి మాట వచ్చిందంటే తేలినట్టే. ఎదుటివాళ్ల మాటనీ అదే తూకంతో తూస్తారు. మౌని మూడు రోజుల పని అక్కణ్నుంచి వచ్చింది. మీ మాటకి మీరిచ్చిన విలువ కన్నా ఎక్కువ విలువ ఇచ్చాడు, అంతే.

ఇప్పుడు తిప్పి చూడండి. మీకు అభ్యంతరం ఉంటే అక్కడికక్కడే అనేస్తారు. కాబట్టి ఎవరూ అనలేదంటే అభ్యంతరం లేదని మీ లెక్క. "ఓకేనా" అని అడిగి ఎంతసేపు ఆగారు? మామూలుగా రెండు మూడు సెకన్లు ఆగి ముందుకెళ్లిపోతాం. "పక్క లారీ ట్యాగు కూడా చదివేస్తుందేమో" అన్నది రెండు సెకన్లలో వాక్యం అవ్వదు. ఆ నిమిషానికి అతని దగ్గరున్నది ఏదో తేడా కొడుతోందన్న అనుమానం మాత్రమే. ఆధారం లేకుండా నలుగురిలో అనడం అతనికి తప్పు చేసినట్టుంటుంది. వెళ్లి రెండు రోజులు చూసుకుని, రాసి పంపాడు. మీకది వెనకనుంచి పొడిచినట్టుంది. అతనికి అది బాధ్యతగా చేసిన పని.

అలాగని మౌని మనసులో ఏముందో నాకు తెలుసని అనను. మీరే చూసుకోవచ్చు. అతను మిగతా ముగ్గురితోనూ ఇలాగే ఉంటాడా? అందరితోనూ మీటింగులో మౌనం, తర్వాత మెయిలే అయితే అది అతని తీరు. మిగతావాళ్లతో గదిలోనే మాట్లాడి, మీకు మాత్రమే మెయిల్ పెడుతుంటే గొడవ ఇంకేదో ఉంది, కింద నేను చెప్పేదేదీ దానికి పనికిరాదు.

గాజువాక_గళం
అందరితోనూ అంతే. టీ తాగేటప్పుడు కూడా అంతే. ఓకే, ఆ రెండూ ఒకే గొంతుతో అన్నానన్న పాయింటు కొంచెం గుచ్చుకుంది.

పోర్టురోడ్డు_పైలట్
మీరంతా మనస్తత్వశాస్త్రంలో పడిపోయారు. నాకు కనపడేది ఒకటే. ఆ ప్రాజెక్టులో ఫాస్టాగ్ మీద ఆఖరి మాట ఎవరిదో రాసి లేదు. క్లయింటు మనిషి తనదనుకున్నాడు, సర్వరు మనిషి తనదనుకున్నాడు. ఇద్దరూ వాగుడుకాయలే అయినా ఇదే గొడవ వచ్చేది, కాకపోతే గట్టిగా అరుచుకుని ఉండేవాళ్లు. ఎవరిది ఏ నిర్ణయమో ఒక కాగితం మీద పెట్టండి, ఇంట్రోవర్టు ఎక్స్‌ట్రోవర్టు అన్నీ గాలికి పోతాయి.

సీతమ్మధార_శ్రీదేవి
సగం ఒప్పుకుంటా. ఆఖరి మాట ఎవరిదో తేలితే అరుపులు తగ్గుతాయి. కానీ ఆఖరి మాట గళంగారిదే అని రాసి ఉందనుకోండి. సోమవారం అందరూ మౌనం, ఆయన నిర్ణయం, మంగళవారం క్లయింటుకి ఫోను. ఆనుకున్న లారీల సంగతి బయటికి వచ్చేది ఎప్పుడు? యార్డులో రీడరు బిగించాక. హక్కు ఎవరిదో తెలియడం వేరు, ఆ హక్కున్న మనిషికి సమాచారం వేళకి చేరడం వేరు.

పోర్టురోడ్డు_పైలట్
ఊఁ. రెండోది ఒప్పుకోడానికి రేపటిదాకా టైమివ్వండి. నేనూ ఆలోచించి మాట్లాడే రకమే.

భీమిలి_బస్సు
మా దగ్గరా ఇదే సమస్య. హాలంతా ఒకటే, పక్కన సేల్స్ వాళ్లు పొద్దస్తమానం ఫోన్లో అరుపులు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పొగరంటారు. శబ్దం ఆపే హెడ్‌ఫోన్స్ ఏవి మంచివి? బడ్జెట్ ఐదు వేలు.

మద్దిలపాలెం_మెస్
మీ సమస్య ఇది కాదు సార్, పక్క వీధి.

సీతమ్మధార_శ్రీదేవి
హెడ్‌ఫోన్స్ గురించి వేరే థ్రెడ్డు పెట్టండి. పొగరు అనడం గురించి మాత్రం ఒక్కమాట. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం కన్నా ఎప్పుడు తీస్తారో తెలియకపోవడమే ఎదుటివాళ్లకి చిరాకు. "పన్నెండున్నర దాకా కదలను, తర్వాత ఎవరైనా రావచ్చు" అని గ్రూపులో పొద్దున్నే ఒక లైను రాసేసి చూడండి.

గాజువాక_గళం
మేడమ్, మరి మీటింగు ఎలా పెట్టమంటారు? సరిగ్గా చెప్పండి, పొద్దున్నే మళ్లీ సోమవారం.

సీతమ్మధార_శ్రీదేవి
ముందురోజు సాయంత్రం నాలుగు లోపు గ్రూపులో ఒక పేజీ పెట్టండి. రేపటికి ఇప్పటికే ఆలస్యమైంది కాబట్టి మీటింగుని మంగళవారానికి జరపండి. పేజీలో మూడు ప్రశ్నలు మించొద్దు. "ఫాస్టాగ్" అని ఒక మాట రాసి వదిలేస్తే ఎవరూ ఆలోచించరు. "గేటు దగ్గర లారీని దేనితో గుర్తుపట్టాలి? నంబరు టైపు చేసా, ఫాస్టాగ్‌తోనా, బుకింగ్ క్యూఆర్‌తోనా?" అని రాయండి. కింద మీ మొగ్గు ఎటో, ఎందుకో రెండు లైన్లు. మొగ్గు దాచకండి, దాస్తే మీ మనసులో ఏముందో కనిపెట్టడం మీదే వాళ్ల బుర్ర పోతుంది.

మీటింగు మొదటి ఏడు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. అందరూ ఆ పేజీ కిందే తమ అభ్యంతరాలు, సందేహాలు టైపు చేస్తారు. ముందురోజే పంపాను కదా మళ్లీ ఎందుకంటారేమో. ఐదుగురిలో ఇద్దరు చదవకుండానే వస్తారు, ఆ ఇద్దరికోసం. తర్వాత ఒక్కొక్కరూ తాము రాసింది చదవాలి. అందరికన్నా జూనియర్ మొదట, మీరు ఆఖర్న. మీరు ముందు మాట్లాడితే తర్వాత వచ్చే మాటలన్నీ మీ మాట చుట్టూనే ప్రదక్షిణ చేస్తాయి.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఎవరైనా ఎలాగైనా మాట్లాడుకోవచ్చు. ఇది మీకోసం. దీన్ని తీసేసి అన్నీ రాతలోనే పెడితే మౌనికి హాయిగా ఉంటుందేమో గానీ మీకు ఆలోచనే సాగదు, ప్రాజెక్టుకి అదీ నష్టమే.

ఆఖరి ఐదు నిమిషాల్లో వచ్చిన ప్రతి మాటకీ మూడు ముద్రల్లో ఒకటి వెయ్యండి: ఆలోచన, మొగ్గు, నిర్ణయం. పావుగంట స్లాటుకి "ఆలోచన" అని ముద్ర పడి ఉంటే మౌని దాన్ని ముట్టుకునేవాడు కాదు. "నిర్ణయం" అయితే పక్కన ఒక పేరు, ఒక తేదీ, ఒక టికెట్. టికెట్ లేనిదానికి ఎవరూ కోడు రాయకూడదు.

ఇంకొక్కటి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. నిర్ణయం అయినా మర్నాడు పొద్దున్న పదకొండు దాకా తలుపు తీసే ఉంటుంది. ఆలోపు ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు. పదకొండు దాటాక కొత్త సమాచారం వస్తే తప్ప తెరవకూడదు. పదకొండు దాటాకే క్లయింటుకి చెప్పాలి.

మీ ఫాస్టాగ్ కేసునే ఇందులో నడిపించి చూడండి. సోమవారం మీటింగు, ఏడు నిమిషాల్లో మౌని ఒక లైను రాస్తాడు: "పక్క లారీ ట్యాగు పడితే?" జవాబు ఎవరి దగ్గరా ఉండదు. ముద్ర "మొగ్గు" దగ్గరే ఆగిపోతుంది. మంగళవారం చూసి చెప్తాడు. బహుశా డెమోకి బుకింగ్ క్యూఆర్, అది పనిచెయ్యకపోతే నంబరు టైపు, ఫాస్టాగ్ రెండో దశకి అని తేలుతుంది. మీరు క్లయింటుకి చెప్పేదీ అదే.

పోర్టురోడ్డు_పైలట్
ఐదుగురికి ఇంత తతంగమా? కలెక్టరాఫీసు ఫైలు కూడా ఇంతకన్నా తొందరగా కదులుతుంది.

సీతమ్మధార_శ్రీదేవి
ప్రతిదానికీ కాదు. వెనక్కి తిప్పుకోడానికి అరపూట కన్నా ఎక్కువ పట్టే పనులకే. బటన్ రంగు, మెసేజీలో మాటలు సీటు దగ్గరే తేల్చేసుకోండి. యార్డులో సర్వరు పడిపోయి లారీలు ఆగిపోయినప్పుడు ఏడు నిమిషాల మౌనం పాటించమని ఎవరూ చెప్పరు. అప్పుడు ఒక్కరు చెప్పాలి, మిగతావాళ్లు చెయ్యాలి.

అర్ధరాత్రి_కమిట్
మౌని పక్షం మనిషిని కాబట్టి మా వాళ్ల తప్పు నేనే చెప్తా. పదకొండు పాయింట్లూ ఒకే బరువుతో రాయడం తప్పు. చదివేవాడికి అది గోడలా కనపడుతుంది. ట్యాగు మారిపోవడం ప్రాజెక్టుని ఆపే విషయం. వేరియబుల్ పేరు బాగోలేదన్నది కాదు. మొదటి లైనులోనే "ఇందులో రెండు అడ్డంకులు, మిగతావి సూచనలు" అని చెప్పెయ్యాలి. అడ్డంకులు మూడు దాటితే మెయిల్ మానేసి లేచి వెళ్లి పక్కన కూర్చోవాలి, తప్పదు.

రెండోది, మీటింగులో మాట రాకపోతే కనీసం ఒక్క వాక్యం: "దీని మీద నాకు అనుమానం ఉంది, రేపు పదకొండుకి చెప్తా." దీనికి ఆధారం అక్కర్లేదు, వాదన అక్కర్లేదు. ఇది అనకుండా బుధవారం రాత్రి మెయిల్ పెడితే, ఎంత నిజమున్నా, ఎదుటివాడికి మంగళవారం పోయినట్టే.

గాజువాక_గళం
ఆ ఒక్క వాక్యం చాలు నాకు. ప్రింటు తీసి అతని మానిటరుకి అంటించాలనుంది.

అర్ధరాత్రి_కమిట్
అంటించకండి. అడగండి. ఒంటరిగా ఉన్నప్పుడు.

కంచరపాలెం_కిట్టు
అంతా రాయండి రాయండి అంటన్నారు. రాయడం అలవాటు నేనోల్ల సంగతేటి? యార్డు గేటు కాడ సూపర్‌వైజరు ఇరవై ఏళ్ల నుంచి లారీలు సూస్తన్నాడు. ఏ లారీ ఎక్కడ ఇరుక్కుంటాదో ఆయనకే తెల్సు. ఆయన్ని పేజీలో టైపు సెయ్యమంటే సెయ్యడు. మాటాడితే మాత్రం గంట సెప్తాడు. మీ ఏడు నిమిషాల్లో ఆయన ఎక్కడున్నాడు?

సీతమ్మధార_శ్రీదేవి
కిట్టుగారూ, ఇది నేను మర్చిపోయాను. మంచి మాట అడిగారు. అలాంటివాళ్ల దగ్గరికి మీటింగుకి ముందే వెళ్లాలి, అదీ మాట్లాడటం ఇష్టమైనవాళ్లు వెళ్లాలి. అంటే గళంగారు. గేటు దగ్గర నిలబడి ఆయన చెప్పింది విని, వాయిస్ రికార్డు చేసి, ఆఫీసుకొచ్చి ఐదు లైన్లలో పేజీ మీద పెట్టాలి. పెట్టాక ఆయనకి ఫోన్లో చదివి వినిపించాలి, లేకపోతే ఆయన ఒకటి చెప్తే మనం ఇంకోటి రాస్తాం.

కంచరపాలెం_కిట్టు
అద్గదీ.

హెచ్‌ఆర్_హరిత
శ్రీదేవిగారు చెప్పింది బాగుంది, నా టెస్టు సంగతి వదిలేశా. కానీ మేనేజర్ని కాపీలో పెట్టడం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. అది తీరు కాదు, ఫిర్యాదు. తీరు పేరు చెప్పి దాన్ని మాఫీ చెయ్యలేం.

అర్ధరాత్రి_కమిట్
క్లయింటుకి అప్పటికే మాటిచ్చేశారు. మేనేజర్‌కి తెలియకపోతే రేపు తిట్లు తినేది ఎవరు? కాపీలో పెట్టడం న్యాయమే.

హెచ్‌ఆర్_హరిత
ముందు గళంగారికి ఒక్కరికే పంపి, సాయంత్రం దాకా ఆగి, జవాబు లేకపోతే అప్పుడు పెట్టొచ్చు. మొదటి మెయిలే మూడో మనిషి ముందు పెడితే అది సమాచారం అవ్వదు, సాక్ష్యం అవుతుంది.

పోర్టురోడ్డు_పైలట్
బుధవారం రాత్రి 9:40కి ఎవరు సాయంత్రం దాకా ఆగుతారండీ.

సీతమ్మధార_శ్రీదేవి
దీని మీద నాకూ ఒక పక్క తేలదు. కొన్ని టీముల్లో మేనేజర్ కాపీలో ఉండటం మామూలు, ఎవరూ పట్టించుకోరు. కొన్నిచోట్ల అది కత్తి తియ్యడమే. గళంగారి టీములో ఏదో మనకి తెలీదు.

గాజువాక_గళం
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా. రెండు మీటింగులు ఆ పద్ధతిలో పెట్టా.

మొదటి ఏడు నిమిషాలు నరకం. మూడో నిమిషంలో తెలియకుండానే "అయితే ఏమంటారు" అనేశా, అందరూ తలెత్తి చూశారు. మౌని రెండే లైన్లు రాశాడు. ఒకటి అడ్డంకే. ఒకే బుకింగుకి రెండు కంటెయినర్లు వేరే వేరే లారీల్లో వస్తే పాసు ఎవరి పేరు మీద? నేను క్లయింటుతో నెలరోజులుగా మాట్లాడుతున్నా, నాకు తట్టలేదు. మాటల ఇరవై నిమిషాల్లో దానికి దారి దొరికింది, అది నాకే తట్టింది, మాట్లాడుతుండగానే. కాబట్టి ఒకటికి ఒకటి.

లెక్క కూడా చూశా. పోయిన నెలలో తేలిపోయిందనుకుని మళ్లీ తెరిచిన నిర్ణయాలు ఐదు. ఈ రెండు వారాల్లో ఒక్కటి.

ఆ ఒక్కటి నా తప్పే. శుక్రవారం క్లయింటు ఫోన్ చేసి, ఆదివారం స్లాట్లు కూడా తెరవమంటే ఫోన్లోనే సరే అనేశా. గ్రూపులో పెట్టగానే మౌని రెండు మాటలు రాశాడు: "ముద్ర ఏది?" ముగ్గురు నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. తప్పక "ఆలోచన" అని కొట్టి, క్లయింటుకి మళ్లీ ఫోన్ చేశా.

మద్దిలపాలెం_మెస్
మౌని జోకులేస్తున్నాడు. ప్రమాదం.

పోర్టురోడ్డు_పైలట్
రెండు వారాలకి ఒకటి, నెలకి ఐదు. పోలిక పెద్దగా నిలవదు తమ్ముడూ, డెమో దగ్గరపడితే అందరూ కొత్త విషయాలు తెరవడం ఎలాగూ తగ్గిస్తారు. ఇంకో నెల చూసి చెప్పు.

గాజువాక_గళం
నిజమే అన్నా. చూసి చెప్తా. ఇంకా తేలనిది ఒకటుంది. మౌని ఫోను ఎత్తడు. మెసేజీ పెడితే రెండు గంటలకి జవాబు. నేను మనిషిని చూసి మాట్లాడితేగానీ ఉండలేను, సీటు దగ్గరికి వెళ్తే అతని మొహం మారిపోతుంది.

అర్ధరాత్రి_కమిట్
ఒక ప్రోగ్రాం తలలో పెట్టుకుని సగంలో ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి నిలబడితే, ఎక్కడున్నానో మళ్లీ వెతుక్కోవాలి. మొహం మీ మీద మారలేదు, పోయిన దారం మీద మారింది. వరసగా రెండుసార్లు ఫోను మోగితే అత్యవసరం, ఎత్తుతా అని ఒప్పందం పెట్టుకోండి. మిగతా అంతా రోజుకి రెండు వేళలు, పన్నెండున్నరకి ఒకసారి, ఐదుకి ఒకసారి.

హెచ్‌ఆర్_హరిత
గళంగారి లాంటివాళ్లు వరసగా రెండుసార్లు రోజుకి పదిసార్లు చేస్తారు.

గాజువాక_గళం
చేస్తా. ఒప్పుకుంటున్నా. వారానికి రెండు అత్యవసరాలు అని హద్దు పెట్టుకుని చూస్తా. అతనూ ఐదింటికి తనే లేచి రావాలని అడిగా, "చూద్దాం" అన్నాడు. దానికి ముద్ర ఏదో తెలీదు.

సీతమ్మధార_శ్రీదేవి
మేనేజర్ కాపీ సంగతి అతన్ని అడిగారా?

గాజువాక_గళం
లేదు మేడమ్. ధైర్యం చాల్లేదు. నవ్వకండి.

కంచరపాలెం_కిట్టు
ఫాస్టాగ్ రీడర్లు కొనీసారేటి ఇంతకీ?

గాజువాక_గళం
కొనలేదు గానీ క్లయింటు నా మాట నమ్మి కొటేషన్ తెప్పించేశారు. రీడర్లు ఇప్పుడు వద్దని వాళ్లకి ఎవరు చెప్పాలన్నది రేపటి పేజీలో మొదటి ప్రశ్న. మొగ్గు దగ్గర నా పేరే రాశాను.